మూడో మెసేజికి వచ్చిన జవాబు: ఒక కుట్టు షాపు, ఎదురుగా ఒక సారె మిఠాయిల షాపు

చిన్న దుకాణాలకు లెక్కలూ ప్రచారమూ చూసిపెట్టడం నా పని. ఇక్కడ రాస్తున్న కేసు కోనసీమలో కాలువ గట్టు పక్కన ఉన్న ఒక పట్టణానిది. ఊరి పేరూ మనుషుల పేర్లూ తీసేశాను, గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. ఈ రెండు షాపుల మధ్య నడిచిన మెసేజుల్లోని మాటలను మాత్రం షాపువాళ్ళిద్దరి అనుమతితో, ఉన్నవి ఉన్నట్టుగానే ఇస్తున్నాను, ఎందుకంటే ఈ కేసులో తేడా అంతా ఆ మాటల్లోనే ఉంది.

నేపథ్యం

కుట్టు షాపు ఆమె వయసు నలభై లోపు. మూడేళ్ళ కిందట మగ్గం వర్క్ జాకెట్ల షాపు పెట్టింది. ఇద్దరు మగ్గం పనివాళ్ళు, ఒక కటింగ్ మాస్టరు, ఫాల్, పికో కుట్టే అమ్మాయి ఒకరు ఉన్నారు. ఎదురు వరుసలో, నాలుగు షాపుల అవతల, సారె మిఠాయిలు చేసిచ్చే అరవై ఏళ్ళ పెద్దాయన ఉన్నారు. కాజా, లడ్డూ, మైసూర్‌పాక్, సున్నుండలు, అరిసెలు, గవ్వలు, చలిమిడి అన్నీ లెక్క చెబితే చేసి బుట్టల్లో సర్ది ఇస్తారు. పెళ్ళికూతురు అత్తవారింటికి వెళ్ళేటప్పుడు ఈ ప్రాంతంలో సారె ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. పెళ్ళి పెట్టుకున్న ఇల్లు జాకెట్టు కోసం ఆమె దగ్గరికీ, సారె కోసం ఆయన దగ్గరికీ వస్తుంది. ఇద్దరిదీ ఒకే గిరాకీ, సరుకులో మాత్రం పోటీ లేదు. ఒకరి షాపు పేరు ఇంకొకరు చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి జత దొరకదని ఆమె అనుకుంది. ఆ ఆలోచనలో తప్పు లేదు, కానీ "ఒకే గిరాకీ" అన్న మాటలోనే ఒక పొరపాటు దాగి ఉంది. అది నాకూ వెంటనే తట్టలేదు.

ఆమె నా దగ్గరికి వచ్చేనాటికి

కనుమ వెళ్ళిన మూడో రోజున ఆమె వచ్చింది. భోగికి నాలుగు రోజుల ముందు ఆయనకు వాట్సాప్‌లో ఒక మెసేజు పంపిందట. రెండు నీలం టిక్కులు పడ్డాయి గానీ తొమ్మిది రోజులుగా జవాబు లేదు. ఇద్దరూ రోజూ ఎదురుపడే మనుషులు కావడంతో ఆయన చూపు తప్పించుకుంటున్నారు, ఈమె తల వంచుకుని వెళ్ళిపోతోంది. అంతకుముందు "ఏం అమ్మాయ్" అని పలకరించే మనిషితో ఆ పలకరింపు కూడా పోయింది. వ్యాపారం కుదరకపోవడం కన్నా ఆమెను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఆ మెసేజు ఇది:

"గౌరవనీయులైన సర్, నమస్కారం. ప్రస్తుత పోటీ ప్రపంచంలో ఒకే తరహా కస్టమర్లకు సేవలందించే వ్యాపారాలు పరస్పర సహకారంతో ముందుకు సాగడం అవసరం. మా కస్టమర్లను మీకు, మీ కస్టమర్లను మాకు పరిచయం చేసుకోవడం ద్వారా ఇరువురం లాభపడవచ్చు. మా దగ్గర ఉన్న 400 మంది కస్టమర్ల ఫోన్ నంబర్లు మీకు పంపగలను. మీరు కూడా పంపగలరు. ప్రతి ఆర్డరుపై 10 శాతం కమీషన్ ఇచ్చిపుచ్చుకోవచ్చు. మీ అభిప్రాయం తెలుపగలరు."

ఇది ఎక్కడో చూసి రాసినదని వేరే చెప్పాలా? రోజూ "బాబాయ్ గారూ" అని పిలిచే మనిషిని "సర్" అనడంతోనే ఇది ఆమె గొంతు కాకుండా పోయింది. అయితే భాష కన్నా బరువైన కారణాలు మూడు కనిపించాయి.

మొదటిది సమయం. సంక్రాంతికి ముందు నాలుగు రోజులంటే ఆ షాపులో పగలూ రాత్రీ అరిసెల పాకం పొయ్యి మీదే ఉంటుంది. బెల్లం పాకం చిటికెడు తీసి నీళ్ళలో వేస్తే ఉండకట్టే దశకు రావాలి, ఆ దశ దాటితే అరిసెలు గట్టిపడతాయి. అలాంటప్పుడు చేతిలోకి తీసుకున్న ఫోనులో "పోటీ ప్రపంచం" అని కనబడితే, తరవాత చదువుదాంలే అనుకుని పక్కన పెట్టడం తప్ప ఎవరైనా ఏం చేస్తారు? ఆ తరవాత అన్నది రాలేదు.

రెండోది ఫోన్ నంబర్లు. ఆమె దీన్ని మంచి మనసుతోనే రాసింది గానీ నేను గట్టిగా వద్దన్నాను. జాకెట్టు ఎప్పుడవుతుందో చెప్పడానికి ఇచ్చిన నంబరును అడగకుండా ఇంకొకరి చేతిలో పెట్టడం వ్యక్తిగత సమాచార రక్షణ కోసం 2023లో వచ్చిన చట్టం ఉద్దేశానికే విరుద్ధం. చట్టం సంగతి అలా ఉంచినా, ఇంత చిన్న పట్టణంలో "మా నంబరు మిఠాయి షాపుకి ఎవరిచ్చారు" అన్న ప్రశ్న రెండు రోజుల్లో తిరిగి ఆమె గుమ్మం దగ్గరికే వస్తుంది. పైగా తన గిరాకీల నంబర్లు ఇంత తేలిగ్గా ఇచ్చేస్తానన్న మనిషికి తన గిరాకీల సంగతి చెప్పవచ్చా అని ఆ పెద్దాయనకు అనుమానం రావడం సహజం.

మూడోది పది శాతం. సారె ధర నెయ్యి రేటును బట్టి, లెక్కను బట్టి మారుతుంది, అందులో మిగిలేది ఎంతో ఆయనకే తెలుసు. కమీషన్ అనగానే ఎవరు పంపిన గిరాకీ ఎవరిది, ఎంతకు ఆర్డరు ఇచ్చారు అన్న లెక్కలు ఒకరికొకరు చూపించుకోవలసి వస్తుంది. పరిచయం ఇంకా మొదలుకాకుండానే ఆ మెసేజు లెక్కల పుస్తకం తెరవమని అడిగింది.

రెండో ప్రయత్నం, అందులో నా తప్పు

ఈ మూడూ తీసేసి, ఆమె మాటల్లోనే చిన్నదిగా రాయించాను. పండగ హడావిడి తగ్గిన తరవాత, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, పొయ్యిలు ఆగి ఆయన కుర్చీలో కూర్చునే వేళ చూసి పంపించాం.

"బాబాయ్ గారూ, పండగ హడావిడిలో ఏదో రాసి మిమ్మల్ని విసిగించాను, ఏమీ అనుకోకండి. మా షాపు కార్డులు ఓ యాభై మీ గల్లా దగ్గర పెట్టుకుంటారా? మీ కార్డులు నేను పెట్టుకుంటాను."

పావుగంటలో జవాబు వచ్చింది: "చూద్దాం అమ్మా." మన గోదావరి వైపు ఈ మాటకు అర్థమేమిటో అందరికీ తెలుసు. అయినా ఆయన మొహమాటస్తులు కనుక కార్డులు తీసుకున్నారు. మాట కలిసింది, పలకరింపు తిరిగి మొదలైంది, అందువల్ల నేనూ తృప్తిపడ్డాను.

రెండు వారాల్లో యాభై కార్డులూ అయిపోయాయి. వాటిని చూసి వచ్చింది ఒక్కరే. ఆవిడ తెచ్చిన కార్డును ఆమె నాకు చూపించింది. నెయ్యి పీల్చుకుని అద్దంలా తయారైంది, ఫోన్ నంబరులో చివరి మూడు అంకెలు అలుక్కుపోయాయి, ఒక మూల సున్నుండ పిండి అంటుకుని ఉంది. గల్లా దగ్గర చోటు లేక షాపు కుర్రాడు కార్డులను మిఠాయి డబ్బాల్లోనే వేసేస్తున్నాడని అప్పుడు తెలిసింది. అచ్చు సిరా ఉన్న కాగితం తినే పదార్థానికి తగలకూడదు. న్యూస్‌పేపర్లో తినుబండారాలు కట్టవద్దని ఆహార భద్రతా సంస్థ చెబుతున్నది ఈ సిరా కారణంగానే. ఆ డబ్బా తీసుకెళ్ళినవాళ్ళు మాట అంటే అనేది మిఠాయి షాపునే గానీ కార్డు మీద పేరున్న ఈమెను కాదు. అడిగింది మనం, నష్టం వస్తే ఆయనది. కార్డులు ఎక్కడ, ఎలా పెట్టాలో మెసేజులో ఒక్క మాట చెప్పకపోవడం నా లోపమే.

కానీ అసలు ప్రశ్న వేరు. యాభై ఇళ్ళకు, అందులో చాలావరకు పెళ్ళి ఇళ్ళకు, కార్డు చేరింది. నెయ్యి అంటినా పేరు చదవడానికి వీలుంది. అయినా ఎందుకు రాలేదు?

తేదీలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు

ఆమె ఆర్డరు పుస్తకం తెప్పించుకుని, కార్తీకం నుంచి రాసిన పెళ్ళి జాకెట్ల పేజీలు తిరగేశాను. ప్రతి ఆర్డరు పక్కనా ఇవ్వాల్సిన తేదీ, చాలావాటికి పెళ్ళి తేదీ కూడా రాసి ఉన్నాయి. మగ్గం పనికి సమయం పడుతుంది కనుక పెళ్ళికి 25 నుంచి 40 రోజుల ముందే చీర, ఆది జాకెట్టు తెచ్చి ఇస్తున్నారు. ఆ తరవాత నేను మిఠాయి షాపుకు వెళ్ళి అరకిలో కాజా కొని, బల్ల మీద కూర్చుని తింటూ, సారె ఎన్ని రోజుల ముందు చెప్పాలని అడిగాను. "నాలుగు రోజుల ముందు చెప్పినా ఇస్తాం. వారం ముందు చెబితే హాయి. అంతకన్నా ముందు ఎవరు చెబుతారండీ, ఎన్ని లడ్డూలో తేలేదే ఆఖర్న కదా" అన్నారాయన.

విషయమంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఇద్దరి గిరాకీ ఒకే ఇల్లే, కానీ ఆ ఇల్లు ఆమె షాపుకు నెల ముందు వస్తుంది, ఆయన షాపుకు వారం ముందు వస్తుంది. ఆయన గల్లా దగ్గర మగ్గం జాకెట్టు కార్డు చూసిన మనిషి జాకెట్టు అప్పటికే ఎవరో కుట్టేసి ఇచ్చి ఉంటారు. ఆయన ఆమెకు ఎంత సాయం చేయాలనుకున్నా చేయలేని చోట మనం అడిగాం. ఆమె మాత్రం ఆయనకు సాయం చేయగలదు, ఎందుకంటే ఆమె దగ్గరికి వచ్చే సమయానికి ఆ ఇంట్లో సారె సంగతి ఇంకా తేలలేదు.

అందువల్ల మెసేజు దిశ మార్చాలనిపించింది. గిరాకీని ముందు చూసేవారే ముందు ఇవ్వాలి, తిరిగి ఏమి అడగాలన్నది తరవాత ఆలోచించవచ్చు. ఆమె కొంచెం సందేహించింది. "నేను పంపుతూ పోతే, ఆయన పంపకపోతే?" అంది. న్యాయమైన ప్రశ్నే. ఖర్చు ఎంతో లెక్క వేసి చూపించాను: చేతిరాత చీటీ, ఒక నిమిషం మాట, ఒక పెళ్ళి సీజను. అంతకు మించి పోయేది లేదు కనుక, అక్కడ ఆపేయవచ్చని ముందే మెసేజులో రాద్దామన్నాను.

ఇంకొకటి కూడా అడిగాను. సారె ఎక్కడ చెప్పాలని గిరాకీలు నిజంగా ఆమెను అడుగుతున్నారా? "ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు" అంది. అది మెసేజులో రాయదగిన మాట కాదు. ఒక వారం పాటు పుస్తకం చివరి పేజీలో గీతలు పెట్టమన్నాను. వారం తిరిగేసరికి మూడు గీతలు పడ్డాయి. పది అని రాద్దామా అని ఆమె నవ్వుతూ అడిగింది. ఆ పెద్దాయనకు ఊళ్ళో ఎన్ని పెళ్ళిళ్ళున్నాయో మనకన్నా బాగా తెలుసు, మూడే రాద్దామన్నాను.

మూడో మెసేజు

"బాబాయ్ గారూ, ఈ వారం పెళ్ళి జాకెట్లు ఇచ్చినవాళ్ళలో ముగ్గురు సారె ఎక్కడ బాగుంటుందని నన్నడిగారు. మీ పేరే చెప్పాను. ఇక నుంచి అడిగినవాళ్ళకి మీ షాపు పేరు రాసి చీటీ ఇద్దామనుకుంటున్నాను. చీటీతో వచ్చినవాళ్ళకి నాలుగు రకాలు రుచి చూపిస్తే చాలు. కమీషన్ ఏమీ వద్దు. ఫాల్గుణం దాకా చూసి ఆపేద్దాం. సరేనంటే రేపట్నుంచి ఇస్తాను. వద్దన్నా ఏమీ అనుకోను."

మొదటి వాక్యం ఆయనకు తెలియని, ఆయనకు పనికొచ్చే ఒక నిజం చెబుతుంది. జవాబు రాకముందే ఆమె ఆయన పేరు చెప్పేసింది కనుక అది వాగ్దానం కాదు, జరిగిపోయిన పని. రుచి చూపించడం ఆయన షాపులో ఎలాగూ ఉన్న అలవాటే, కొత్త భారం కాదు. మొదట ఒక పళ్ళెంలో కాజాలు తన షాపులోనే పెడదామని ఆమె అనుకుంది. పట్టుచీరలు విప్పి పరిచే బల్ల మీద నెయ్యి చేతులా అని కటింగ్ మాస్టరే అడ్డం పడ్డాడు, మంచిపని చేశాడు. ధర తగ్గించమని అడగకపోవడం కూడా ఆలోచించి చేసిందే. చీటీ తెచ్చినవాళ్ళకు తగ్గిస్తే, చీటీ లేకుండా ఏళ్ళ తరబడి వస్తున్నవాళ్ళు ఊరుకోరు, ఆ గొడవ ఆయన నెత్తిన పడుతుంది.

చివరి మాట గురించి ఆమెకు నాకు కాస్త వాదన జరిగింది. "వద్దన్నా ఏమీ అనుకోను" అంటే మనమే దారి చూపించినట్టవుతుంది కదా అంది. రోజూ ఎదురుపడే మనుషుల మధ్య ఆ దారి ఉండాలి. అది లేకపోతే కాదనలేక మౌనంగా ఉండిపోతారు, మొదటి మెసేజు తరవాత జరిగింది అదే. ఫాల్గుణం అన్న గడువు కూడా అందుకే పెట్టాం: ఒప్పుకుంటే ఎప్పటికీ మోయాలేమో అన్న భయం ఉండదు.

ఇరవై నిమిషాల్లో జవాబు వచ్చింది. "సరే అమ్మాయ్. నీకేం చెయ్యాలి మరి?"

తిరుగు సాయం

ఈ ప్రశ్న వస్తుందని నేను ఆశపడ్డాను గానీ ఇంత త్వరగా అనుకోలేదు. మళ్ళీ జాకెట్లు అడిగితే కార్డుల కథే తిరిగి మొదలవుతుంది. పెళ్ళి వారంలో ఉందనగా సారె చెప్పడానికి వచ్చిన తల్లికి, పిన్నికి కుట్టు షాపుతో ఇంకా మిగిలిన పని ఏమిటని ఆలోచిస్తే దొరికింది ఫాల్, పికో. ఆఖరి రోజుల్లో కొన్న చీరలకు, బంధువులు తెచ్చిన చీరలకు ఆ పని మిగిలిపోయి ఉంటుంది. అందుకే ఆమె ఇలా రాసింది: "సారె ఆర్డరు రాసిచ్చే కాగితం వెనక 'ఫాల్, పికో ఒక్క రోజులో' అని నా షాపు స్టాంపు వేసుకోండి బాబాయ్ గారూ. స్టాంపు నేనే చేయించి తెస్తాను." ఆర్డరు కాగితం డబ్బాలోకి వెళ్ళదు, పర్సులోకి వెళుతుంది. సారె తీసుకునేదాకా పారేయరు కూడా.

మాఘ, ఫాల్గుణాల్లో ఆమె 31 చీటీలు ఇచ్చింది. వాటితో మిఠాయి షాపుకు వెళ్ళినవారు 14 మంది, సారె చెప్పినవారు 9 మంది. ఆ తొమ్మిది మందినీ "ముందే మా దగ్గరికి రావాలనుకున్నారా" అని అడగమని ఆయనకు చెప్పాను. నలుగురు అవునన్నారు, కనుక చీటీ వల్ల కొత్తగా వచ్చింది అయిదు ఆర్డర్లే అని లెక్క వేసుకున్నాం. అటు నుంచి ఫాల్, పికోకు 22 మంది వచ్చారు. వారిలో ఆరుగురు తరవాత మామూలు జాకెట్లు ఇచ్చారు, ఇద్దరు మగ్గం పని ఇచ్చారు. పెద్ద సంఖ్యలు కావు, ఖర్చు అంతకన్నా చిన్నది.

మధ్యలో ఒక చిక్కు వచ్చింది. ఫాల్ గుడ్డను ముందుగా నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టకుండా కుడితే, చీర మొదటిసారి ఉతికినప్పుడు అది లాక్కుపోయి అంచు ముడతలు పడుతుంది. అందుకని ఎక్కువగా అడిగే రంగులు తడిపి ఆరేసి సిద్ధంగా పెట్టుకున్నారు. ఒకరోజు నెమలికంఠం రంగు చీర వచ్చింది. ఆ రంగు ఫాల్ లేదు. పక్క ఊరి నుంచి తెప్పించి, తడిపి, ఆరబెట్టి కుట్టేసరికి రెండో రోజు సాయంత్రమైంది. ఆ చీర ఇచ్చినావిడ వెళ్ళి కోప్పడింది మిఠాయి షాపులో, మీరే కదా ఒక్క రోజు అన్నారని. ఆమె నాకు ఫోను చేసి ఏం మెసేజు పెట్టమంటారని అడిగింది. ఇది మెసేజుతో పోయేది కాదు, నడిచి వెళ్ళమన్నాను. వెళ్ళింది, ఆయన ముందే ఆ కస్టమరుకు ఫోను చేసి డబ్బు తిరిగి ఇచ్చేసింది. ఆ తరవాత స్టాంపు మార్చాం: "ఫాల్, పికో ఒక్క రోజులో, రోజుకు ఆరు చీరలు, రంగు ఉంటేనే."

అదే ఊపులో మూడో మెసేజును పేరు మార్చి పూల మండపాలు కట్టే ఆయనకూ పంపింది, నాతో చెప్పకుండా. అక్కడ గీతలు పెట్టి లెక్కించింది లేదు, "ముగ్గురు అడిగారు" అన్నది మాత్రం అలాగే ఉండిపోయింది. ఎవరా ముగ్గురని ఆయన తిరిగి అడిగారు. ఆమె దగ్గర జవాబు లేదు. ఆ మాటలు అక్కడితో ఆగాయి.

ఫాల్గుణం చివర్లో, అన్న మాట ప్రకారం, చీటీలు ఆపేశానని ఆమె ఆయనకు ఒక వాక్యం రాసింది. ఆయన సరేనన్నారు. ఆషాఢం గడిచి శ్రావణం వచ్చిన రెండో రోజున మెసేజు ఆయన వైపు నుంచే వచ్చింది: "అమ్మాయ్, కొత్త పెళ్ళికూతుళ్ళ నోముల ఆర్డర్లు మొదలయ్యాయి. స్టాంపు ఇంకు అయిపోయింది, పంపించు."